మారిన మనిషికి ఎన్ని మస్టర్లు?

తాగి కొట్టి ఇల్లు చెదరగొట్టుకున్న భర్త ఏడాదికో రెండేళ్లకో తిరిగొచ్చి 'మారిపోయిన' అంటాడు. నమ్మాలా, వద్దా? బొగ్గు గనుల ఊళ్లలో ఈ ప్రశ్న ప్రతి కాలనీలో ఏదో ఒక గడప దగ్గర నిలబడే ఉంటుంది. జవాబు అతని మాటల్లో దొరకదు. ఏడాది పొడుగునా అతను చేసే పనుల్లో దొరుకుతుంది.

సింగరేణిలో పనికి రాని రోజును నాగా అంటారు. వచ్చిన రోజు మస్టర్. గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ దాకా ఈ రెండు మాటలు తెలియని ఇల్లు ఉండదు. నాగాలు పెరిగితే ముందు గని మీదికి పిలుస్తారు. భార్యనో తల్లిదండ్రులనో వెంట తీసుకురమ్మంటారు. అధికారులు ఎదురుగా కూర్చోబెట్టుకుని కౌన్సెలింగ్ ఇస్తారు. 'ఇగ రోజూ డ్యూటీకొస్త సార్' అని అక్కడ అనని మనిషి ఉండడు. ఆ తర్వాత కూడా మస్టర్లు పెరగకపోతే ఛార్జిషీటు, విచారణ, ఆఖరికి డిస్మిస్.

డిస్మిస్ అయినవాళ్లకు మరో అవకాశం ఇవ్వాలని కార్మిక సంఘాలు అడగడం, కొన్ని విడతల్లో యాజమాన్యం ఒప్పుకోవడం ఇక్కడ జరిగినవే. అయితే ఆ అవకాశం షరతుల మీదే వస్తుంది. కొంతకాలం పరిశీలన ఉంటుంది, హాజరు నిండాలి. ఆ మనిషి ఎంత ఏడ్చాడు, ఎవరి మీద ఒట్టేశాడు అన్నది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. గనిలో మనిషిని ఏడాది లెక్కన చూడటం చట్టానికీ అలవాటే. 2025 దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం ప్రకారం జీతంతో కూడిన వార్షిక సెలవు రావాలంటే భూగర్భంలో పనిచేసేవారికి ఏడాదిలో 190, మిగతావారికి 240 హాజర్లు ఉండాల్సి ఉండేది.

అదే మనిషి అదే నెలలో అత్తగారింటికి పోయి అదే మాట అంటాడు. అక్కడ రిజిస్టరు ఉండదు. పెద్దమనుషులు ఉంటారు, చాయ్ వస్తుంది, ఒక కాగితం మీద సంతకాలు అవుతాయి. సాయంత్రానికల్లా ఆమె బట్టలు సర్దుకోవాలి. ఉద్యోగం తిరిగివ్వడానికి కంపెనీ నెలల తరబడి చూస్తుంది. ఒక ఆడమనిషి ప్రాణాన్ని తిరిగి అతని చేతిలో పెట్టడానికి మనకు ఒక పూట చాలుతోంది.

బతుకమ్మకు ముందొచ్చిన మనిషి

రామగిరి మండలంలో ఒక ఇల్లు అనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఈ ప్రాంతంలో మళ్లీ మళ్లీ వినబడే సంగతులను ఒక్కచోట పెట్టి చూసే ఉదాహరణ. అతనిది భూగర్భ గనిలో ఉద్యోగం. పెళ్లయి పన్నెండేళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో షిఫ్టు దిగి నేరుగా ఇంటికి రావడం ఎప్పుడో మానేశాడు. జీతం పడ్డ వారం ఇంట్లో గొడవ ఖాయం. రెండేళ్ల కిందట ఒక రాత్రి దెబ్బలు తిన్నాక ఆమె పిల్లలను తీసుకుని తల్లిగారింటికి వచ్చేసింది. పోలీసు కేసు అయింది, గృహహింస చట్టం కింద కోర్టులో దరఖాస్తు పడింది, నెలకింత ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది.

ఇప్పుడు బతుకమ్మకు వారం ముందు అతను వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, పిల్లలకు బట్టలు తెచ్చి, అరుగు మీద కూర్చున్నాడు.

"అత్తమ్మా, ఆర్నెల్లాయె మందు ముట్టక. పోరగాండ్ల మీద ఒట్టు. పండుగకు పిల్లల్ని, దాన్ని తోల్కపోత."

తల్లి మెత్తబడింది. "మగోడు దిగొచ్చిండు బిడ్డా. ఇంకెన్నాళ్లుంటవు ఈడ?"

కూతురు లోపలి నుంచే చెప్పింది. "ఇప్పుడే రాను. వచ్చే దసరా దాకా సూత్త."

అతను చేసిన ప్రమాణం కంటే, ఈ జవాబు విన్నాక ఏం చేశాడన్నదే మనకు పనికొచ్చే సమాచారం. ఆమె పెట్టిన గడువు కూడా తెలివైనదే. ఈ ఏడాదిలో పన్నెండు జీతాలు పడతాయి, ఒక లాభాల వాటా వస్తుంది, ఒక సంక్రాంతి, ఒక ఎండాకాలం, బంధువుల ఇళ్లల్లో పెళ్లిళ్లు, చివర మళ్లీ దసరా. గతంలో అతను ఏ ఏ రోజుల్లో పడిపోయాడో ఆ రోజులన్నీ ఒక్కసారైనా తిరిగి వస్తాయి.

క్షమాపణలో కర్త ఎవరు?

ముందు వినాల్సింది అతను తప్పును ఎలా చెబుతున్నాడని. 'ఏదో తాగిన మైకంల అయిపాయె' అనేవాడు చేసినదాన్ని మందు మీదికి తోస్తున్నాడు. 'నువ్వు గా రోజు నోరు మూసుకుంటే అయిపోవు' అనేవాడు ఆమె మీదికి తోస్తున్నాడు. 'నిన్ను కొట్టిన. పిల్ల సూస్తుండంగ కొట్టిన. నీ పుస్తెలతాడు కుదువ పెట్టి తాగిన' అన్నవాడు మొదటిసారి తన పేరు తాను రాసుకున్నాడు. ఆ మాట ఆమె ఒక్కదాని ముందు అనడం తేలిక. తన తల్లి ముందు, తన అన్నదమ్ముల ముందు, ఇన్నాళ్లూ 'దాని నోరు మంచిది కాదు' అని చెప్పుకున్న చోటల్లా అనగలడా?

మన చట్టం ఈ సంగతిని బాగానే పట్టుకుంది. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని కింద చేసిన 2006 నిబంధనల్లో 14వది కౌన్సెలింగ్ ఎలా జరగాలో చెబుతుంది. అక్కడ ప్రతివాది తాను చేసిన హింసకు సమర్థన చెప్పుకోకూడదు. ఆ సంగతి కూర్చోబెట్టక ముందే అతనికి తెలియజేయాలి. ఇకముందు అలాంటి హింస చేయనని హామీ కూడా అతని నుంచి తీసుకోవాలి. మన పంచాయితీలు నడిచే తీరు దీనికి పూర్తిగా ఎదురు. మొదటి గంట అంతా 'ఎందుకు కొట్టినవ్' అన్న ప్రశ్నకు అతను జవాబు చెబుతుంటాడు. ఆ జవాబు నిండా ఆమె తప్పులే ఉంటాయి.

క్షమాపణ నిజంగా ఏడుపుతో వచ్చినా అది మార్పుకు రుజువు కాదు. అమెరికా మనస్తత్వవేత్త లెనోర్ వాకర్ 1979లో రాసిన పుస్తకంలో ఇలాంటి ఇళ్లల్లో కనిపించే ఒక చక్రాన్ని వివరించింది. చిరాకు పెరగడం, దెబ్బ పడటం, తర్వాత కాళ్లు పట్టుకుని బతిమాలే తీపి రోజులు. ప్రతి ఇంట్లో ఇదే వరస ఉండదని తర్వాతివారు చెప్పారు. అయినా మనకు కావాల్సిన విషయం ఒకటి అందులో ఉంది. బతిమాలడం ఆ చక్రం లోపలి భాగమే కావచ్చు. అందుకే గతంలో ఇలాగే ఎన్నిసార్లు వచ్చాడు, ఒక్కోసారి ఎన్నాళ్లు నిలబడ్డాడు అని ముందు గుర్తు చేసుకోవాలి. మునుపు మూడు నెలలకు జారినవాడి విషయంలో నాలుగో నెల నుంచే అసలు పరీక్ష మొదలవుతుంది.

'ఇప్పుడే రాను' అన్న తర్వాత

మారిన మనిషికి ఆలస్యం బాధ కలిగిస్తుంది, కోపం తెప్పించదు. ఆమె నమ్మకపోవడానికి కారణం తానేనని అతనికి తెలుసు. మారనివాడు తన మార్పును ఒక చెల్లింపుగా చూస్తాడు. నేను మందు మానేశాను కాబట్టి నువ్వు రావాలి, కేసు తీయాలి, పది మందిలో నా పరువు నిలపాలి. ఇవ్వాల్సింది ఇచ్చాను, రావాల్సింది రాలేదన్న ఉక్రోషం కొన్ని వారాల్లోనే బయటపడుతుంది.

మన ఉదాహరణలో మొదటి నెల అతను మర్యాదగా ఉన్నాడు. రెండో నెల నుంచి మాట అతని నోట రావడం ఆగి, ఇతరుల నోట రావడం మొదలైంది. ముందు మేనమామ వచ్చాడు. తర్వాత యూనియన్ నాయకుడు ఫోన్ చేశాడు. "చెల్లె, కేసుంటే వాని నౌకరికే ముప్పు. నౌకరి పోతే నీ పిల్లలకే కదా నష్టం?" ఒక రాత్రి అతనే ఫోన్ చేసి, నువ్వు రాకపోతే గోదాట్లో దూకుతా అన్నాడు. మూడు మార్గాల్లోనూ వచ్చింది ఒత్తిడే. చస్తానన్న బెదిరింపును ఊరికే తీసిపారేయకూడదు. అతని అన్నదమ్ములకో పోలీసులకో వెంటనే చెప్పాలి, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరు ఇవ్వాలి. కానీ దానికి మందు ఆమె కాపురానికి పోవడం కాదు.

ఇలాంటప్పుడే కొందరు లాయరు నోటీసు కూడా పంపిస్తారు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కాపురానికి రమ్మని. తెలుగువాళ్లకు ఈ సెక్షన్‌తో పెద్ద చరిత్రే ఉంది. సినీనటి సరితను కాపురానికి పంపాలని భర్త వేసిన కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని స్త్రీని కోర్టు ఉత్తర్వుతో పడకటింటికి పంపడం ఆమె శరీరం మీద ఆమెకున్న హక్కును తీసేయడమేనన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాది వేరే కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. కాబట్టి నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకోకూడదు. అలాగని భయపడాల్సిందీ లేదు. డిక్రీ వచ్చినా ఏ పోలీసూ ఆమెను చెయ్యి పట్టి ఆ ఇంట్లో దించలేడు. డిక్రీ పాటించనంత మాత్రాన భార్య భరణం హక్కు పోదని కూడా సుప్రీంకోర్టు 2025 జనవరిలో, జార్ఖండ్‌కు చెందిన దంపతుల కేసులో తేల్చింది. నోట క్షమాపణ, పోస్టులో నోటీసు ఒకే నెలలో వస్తే నోటీసునే నమ్మాలి.

ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది?

మాటను దాచవచ్చు, డబ్బును దాచడం కష్టం. బొగ్గు గనుల ఊళ్లలో ఇది మరీ నిజం. ఇక్కడ జీతం నెల నెలా బ్యాంకులో పడుతుంది, కోతలన్నీ పే స్లిప్పులో కనిపిస్తాయి. ఎన్ని మస్టర్లు నిండాయో చూస్తే అతను ఎన్ని రోజులు గనిలో దిగాడో తెలుస్తుంది. దిగని రోజుల్లో ఎక్కడున్నాడో అతను చెప్పాలి.

పే స్లిప్పులో కనిపించని అప్పు ఒకటి ఉంటుంది. కోల్‌బెల్టులో ప్రైవేటు వడ్డీ వ్యాపారులు చాలాచోట్ల కార్మికుడి ఏటీఎం కార్డునూ సంతకం చేసిన చెక్కులనూ తమ దగ్గరే పెట్టుకుంటారు. జీతం పడ్డ రోజే వాళ్లు తీసుకోగా మిగిలింది అతని చేతికి వస్తుంది. అందుకే తిరిగొచ్చిన మనిషిని 'ఎంత తెస్తవ్' అని అడిగేకంటే 'కార్డు ఎవరి దగ్గరుంది' అని అడగడం మంచిది. నిజంగా దారిన పడుతున్నవాడు అప్పుల జాబితా తానే రాసి తెస్తాడు. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏ నెలకు ఏది తీరుతుంది. ఆ జాబితాలో లేని అప్పు తర్వాత బయటపడితే అదొక గుర్తు. ఆమె పేరు మీద కొత్త అప్పుకో, ఆమె బంగారానికో చెయ్యి చాపితే ఇంకేమీ చూడక్కర్లేదు.

భరణం ఇంకా మంచి కొలత. ఆమె తిరిగి వస్తుందన్న హామీ ఏదీ లేకుండా, ప్రతి నెలా అదే తేదీకి, అడగకుండా పంపుతున్నాడా? పిల్లల ఫీజు కట్టి 'నేనే కట్టిన' అని ఊరంతా చెప్పుకోవడం వేరు. ఒకరు చూసినా చూడకున్నా పన్నెండు నెలలు పంపడం వేరు.

ఆ పన్నెండు నెలల్లో పెద్ద పరీక్ష లాభాల వాటా పడే రోజు. 2024లో సింగరేణి లాభాల్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి 1.90 లక్షలు వచ్చాయి. 2025లో వాటా 34 శాతం, మొత్తం 819 కోట్లు. ఈ డబ్బు ఎక్కువగా దసరా ముందే పడుతుంది. చేతిలో లక్షన్నర, ఇంట్లో యాట, చుట్టూ దోస్తులు, ఆ పైన దసరా. ఆ వారం ఎలా గడిచిందో చూడకుండా మార్పు గురించి తీర్పు ఇవ్వడం తొందరే.

మందు మానడం, మనిషి మారడం

ఇక మందు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం ఉంది. ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనబడటం, వినబడటం, మతి తప్పడం జరగవచ్చు. అది ప్రాణం మీదికొచ్చే స్థితి. కాబట్టి 'ఒక్క ఒట్టుతో మానేసిన' అనేవాడి మాట కంటే 'దవాఖానల చేరిన, ఈ గోలీలు వాడుతున్న, మళ్ల ఫలానా తారీఖు రమ్మన్నరు' అనేవాడి చీటీ బలమైనది. మందు మాన్పించడానికి డైసల్ఫిరామ్ మాత్రలు కూరలో కలిపి తెలియకుండా పెట్టే ఇళ్లు ఉన్నాయి. అది చేయకూడదు. ఆ మాత్ర కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోయి, గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. డాక్టరు చెప్పి, అతనికి తెలిసి వేసుకోవాల్సిన మందు అది. సలహా కావాలంటే 14446 డీ-అడిక్షన్ నంబరు ఉంది.

వైద్యులు కూడా గడువు పెట్టుకునే చూస్తారు. వ్యసనం లక్షణాలు లేకుండా మూడు నెలలు దాటితే తొలి దశ. 12 నెలలు నిండితేనే నిలకడగా ఉన్నాడంటారు. మధ్యలో ఒకసారి జారడం చాలామందిలో ఉంటుంది. జారాడా లేదా అన్నదాని కంటే జారిన తర్వాత ఏం చేశాడన్నది చూడాలి. ఆ రాత్రే తానుగా చెప్పి, మర్నాడు డాక్టరు దగ్గరికి పోయినవాడికి దారి ఇంకా మూసుకుపోలేదు. నోట్లో జర్దా వేసుకుని వాసన కప్పి, దొరికాక 'ఒక్క పెగ్గుకే ఇంత లొల్లా' అన్నవాడు పాత చోటికే చేరాడు.

ఈ వెసులుబాటు మందుకే. చెయ్యి ఎత్తడంలో 'ఒకసారి జారాడు' అన్న లెక్క లేదు. గతంలో గొంతు పట్టుకుని నులిమిన మనిషి విషయంలో అసలు పరీక్షలే పెట్టకూడదు. 2008లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, అంతకుముందు భర్త లేదా సహచరుడు గొంతు నులిమిన స్త్రీలు అతని చేతిలో హతమయ్యే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా కనిపించింది.

మందు పోతే దెబ్బలు పోతాయన్నది మన ఊళ్లలో చాలా లోతుగా పాతుకున్న నమ్మకం. కొన్ని ఇళ్లల్లో అది నిజమే. చాలా ఇళ్లల్లో మందు చేతికి ధైర్యం ఇచ్చిందే తప్ప చేతిని పుట్టించలేదు. షిఫ్టులో ఓవర్‌మన్ ఎంత తిట్టినా తాగి వచ్చి అతన్ని కొట్టని మనిషి ఇంట్లో భార్యను మాత్రమే కొట్టాడంటే, ఎవరిని కొట్టవచ్చో మైకంలో కూడా అతనికి బాగానే తెలుసు.

కేసు ఎప్పుడు తీయాలి?

'కేసు వాపస్ తీసుకో, అటెన్క తోల్కపోత' అనే షరతు ఒక్కటే చాలు, అతను దేని కోసం వచ్చాడో తెలియడానికి. భార్యను వేధించిన కేసు, పాత 498ఏ, దేశంలో చాలాచోట్ల రాజీకి వీల్లేనిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో చేసిన సవరణతో ఆమె కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చన్నారు. అయితే ఒక షరతు పెట్టారు. రాజీ దరఖాస్తు పడ్డ రోజు నుంచి కనీసం మూడు నెలలు గడవాలి, ఆ మధ్యలో ఎవరూ మనసు మార్చుకోకూడదు. ఆనాటి పెద్దలు మార్పు మాటకు మూడు నెలల గడువు పెట్టారన్నమాట. 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాయి కాబట్టి ఏ కేసుకు ఏ పద్ధతో వకీలును అడిగి తెలుసుకోవాలి. అయినా ఆ మూడు నెలలను ప్రతి ఇల్లూ కనీస గడువుగా పెట్టుకోవచ్చు.

ఒకసారి క్షమించి కలిసి ఉంటే పాత తప్పులన్నీ చెల్లిపోయినట్టేనని చాలామంది ఆడవాళ్లకు చెబుతారు. అదీ నిజం కాదు. 1975లో దస్తానే దంపతుల కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చట్టం దృష్టిలో దాంపత్య క్షమాపణ షరతుతో కూడినది. మళ్లీ తప్పు చేస్తే పాత క్రూరత్వం కూడా తిరిగి లెక్కలోకి వస్తుంది. ఆ కేసులో క్రూరత్వం ఆరోపించింది భర్త. సూత్రం మాత్రం ఇద్దరికీ ఒకటే. కాబట్టి ఆమె తిరిగి వెళ్లినా పాత మెడికల్ చీటీలు, ఫిర్యాదు కాపీలు, ఉత్తర్వు నకళ్లు తల్లిగారింట్లోనే ఉండాలి. రక్షణ ఉత్తర్వు ఉంటే దాన్ని రద్దు చేయించుకుని వెళ్లకూడదు. దాన్ని ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ భయం లేకుండానే బాగుండేవాడికి ఆ ఉత్తర్వు ఉన్నా ఇబ్బంది ఉండదు.

విడాకుల డిక్రీ వచ్చేసిన జంటలకు మరో మాట. తిరిగి కలిసి ఉన్నంత మాత్రాన మళ్లీ భార్యాభర్తలు కారు. పెళ్లి మళ్లీ చేసుకోవాలి. కంపెనీ రికార్డుల్లో, పింఛనులో, నామినీ కాగితాల్లో ఈ తేడా రేపు ఆమెను వీధిలో నిలబెట్టగలదు.

ఎనిమిదో నెలలో ఏమైంది?

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. అతను నిజంగానే మందు మానేశాడు. దవాఖాన చీటీలు ఉన్నాయి. మస్టర్లు నిండాయి. ఏటీఎం కార్డు విడిపించుకున్నాడు. భరణం మొదటి రెండు నెలలు ఆలస్యమైనా తర్వాత తారీఖు తప్పలేదు. ఆదివారం డ్యూటీ దొరికితే డబ్బు ఎక్కువ వస్తుందని తెలిసీ, నెలకు రెండు ఆదివారాలు వదులుకుని పిల్లల దగ్గరికి వచ్చాడు. కంపెనీ రిజిస్టరు లెక్కన అతను పాసైనట్టే. పెద్దమనుషులు కూడా ఇంకేం కావాలన్నారు.

ఎనిమిదో నెలలో ఆమె గోదావరిఖనిలో ఒక బట్టల దుకాణంలో పనికి చేరింది. అతను నోటితో ఏమీ అనలేదు. వరుసగా మూడు సాయంత్రాలు దుకాణం ఎదుట బండి ఆపుకుని నిలబడ్డాడు. నాలుగో రోజు కొడుకును పక్కకు పిలిచి, 'అమ్మ ఎవలితోని మాట్లాడుతది, ఫోన్ల ఎవల నంబర్లున్నయి' అని అడిగాడు. ఆమె అడిగితే, "నా భార్య దుకాణంల నిలబడితే నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. చెయ్యి ఎత్తలేదు. గొంతు కూడా పెంచలేదు. కానీ ఆమెకు తెలిసిపోయింది. తాగుబోతు మారాడు, మొగుడు మారలేదు. పన్నెండేళ్ల కిందట మందు అలవాటు కాక ముందు కూడా మొదటి దెబ్బ ఇలాంటి ప్రశ్నతోనే మొదలైంది.

ఆమె కాపురానికి వెళ్లలేదు. పిల్లలను కలవడం అలాగే సాగనిచ్చింది. మారిన మేరకు అతను మంచి తండ్రి కాగలడు. ఆ మేరకే తలుపు తెరిచింది.

ఇదే చోట నిజంగా మారిన మనిషి ఏం చేసేవాడు? అతనికీ కడుపులో మంట పుట్టవచ్చు. కానీ దాన్ని ఆమె దుకాణం ముందుకు మోసుకురాడు. తన అన్నతోనో డాక్టరుతోనో చెప్పుకుంటాడు. కొడుకును గూఢచారిని చేయడు. ఆమె సంపాదన ఆమె చేతిలో ఉండటం వల్ల తన ఇజ్జత్ పోదని నేర్చుకుంటాడు. అలాంటి మగవాళ్లూ ఈ కాలనీల్లో ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు, వాళ్లు గడువు చూసి భయపడరు.

ఇరుగుపొరుగుకు, పెద్దమనుషులకు ఒక్క విన్నపం. ఈసారి మీ దగ్గరికి ఇలాంటి పంచాయితీ వస్తే ఆ పూటే తేల్చకండి. ఏడాది వాయిదా వేయండి. నెల నెలా ఆమెను విడిగా, అతను లేని చోట, ఎలా ఉందని అడగండి. ఆమె 'రాను' అంటే ఆ మాటకే కట్టుబడండి. భయం ఉంటే పగలు రాత్రి పనిచేసే మహిళల సహాయవాణి 181 ఉంది, ఆపదలో 112 ఉంది, ప్రతి జిల్లాలో సఖి కేంద్రం ఉంది. ఉద్యోగం పోయినవాణ్ణి తిరిగి పెట్టుకునే ముందు కంపెనీ పరిశీలన గడువు పెడుతుంటే ఎవరూ తప్పు పట్టలేదు. ఆ గడువు అడిగే హక్కు భార్యకు అంతకంటే ఎక్కువే ఉంది.